వెడల్పు విషయంలో పూర్తి మార్కులు, భుజం పట్టీ విషయంలో కాదు: ఏడాదికి పైగా వాడిన బేబీ క్యారియర్

మా పాప ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టిన పిల్లల్లో తుంటి కీలు సరిగా అమరకపోయే అవకాశం ఎక్కువని పిల్లల డాక్టరు ఆరో వారంలో అల్ట్రాసౌండ్ తీయించారు. అంతా మామూలుగానే ఉందని తేలినా, క్యారియర్ కొనేటప్పుడు నేను ముందుగా చూసింది కూర్చునే చోటు వెడల్పును మార్చుకునే వీలుందా అనే.

ఆ విషయంలో ఈ బకిల్ క్యారియర్ ఇప్పటికీ నాకు ఇష్టమే. అడుగునున్న వెల్క్రోను జరిపితే గుడ్డ ఒక మోకాలి మడత నుంచి రెండో మోకాలి మడత దాకా అందుతుంది. చంకనెత్తుకున్నప్పటిలా తొడలు పక్కలకు విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త ఎత్తున నిలుస్తాయి. తొడ ఎముక తల తుంటి గిన్నెలో కుదురుకునేది ఆ భంగిమలోనే కనుక, గజ్జల దగ్గర మాత్రమే ఆనుకుని కాళ్లు నిలువుగా వేలాడే రకాలను, ముఖ్యంగా మొదటి ఆరు నెలల్లో, నేను వద్దంటాను. మరీ వెడల్పు చేస్తే మోకాళ్లు మడవడానికి వీలుండదు. అందుకే పాప ఎదిగే కొద్దీ సరిచూడాలి.

నా ఫిర్యాదంతా భుజం పట్టీ మీదే. పద్నాలుగో వారం టీకాలకు వెళ్లి వరుసలో నిలబడి ఉండగా, నిద్రపోతున్న పాప నుంచి సన్నని మూలుగు వినిపించింది. కట్టుకున్నప్పుడు తల వంచితే నుదుటికి ముద్దు అందేది. ఇప్పుడు నడినెత్తి తప్ప ముఖమే కనిపించడం లేదు. కుడి పట్టీ బకిల్‌లోంచి కొద్దికొద్దిగా జారడంతో నడుము ముడుచుకుపోయి, గడ్డం రొమ్ముకు ఆనుకుంది. నాలుగు నెలల లోపు పిల్లలకు మెడను నిలకడగా నిలుపుకునే బలం ఇంకా పూర్తిగా రాదు. మెత్తని శ్వాసనాళం అలా ముడుచుకుంటే ఏడుపు కూడా లేకుండానే ఊపిరి అందకుండా పోవచ్చు. వెంటనే బయటికి తీయగానే పాప మామూలుగా ఊపిరి తీసుకుంది, డాక్టరు చూసి బాగానే ఉందన్నారు.

కంపెనీవారు బకిల్ మార్చి పంపారు. జారడం తగ్గింది గానీ పూర్తిగా ఆగలేదు. పట్టీ బిగించిన చోట ఎర్ర దారంతో ఒక కుట్టు వేశాను. అది బకిల్ దగ్గరే ఉందో లేదో నడుస్తూనే తెలుస్తుంది. గడ్డం కింద రెండు వేళ్లు దూరే ఖాళీ ఉందా, ముక్కు గుడ్డకు గానీ నా రొమ్ముకు గానీ నొక్కుకుందా అని మధ్యమధ్యలో చూస్తాను. పాలు తాగించాక పాపను మళ్లీ పైకి జరిపి బిగిస్తాను.

ఇప్పుడు పాప మెడ గట్టిపడింది, నాకూ నడుము నొప్పి లేదు కాబట్టి వాడుతూనే ఉన్నాను. పురిటికి సిద్ధమవుతున్న మా చెల్లెలు అడిగితే మాత్రం దీన్ని ఇవ్వలేదు. నెలలు నిండక పుట్టిన లేదా బరువు తక్కువ ఉన్న బిడ్డయితే ఏ క్యారియరైనా ముందు డాక్టరును అడగమన్నాను. నెలలు నిండి పుడితే, పట్టీ జారని దాన్ని దుకాణంలోనే బియ్యం సంచి పెట్టి కాసేపు నడిచి చూసి కొనమన్నాను.