elegantTextHeight: ఆరేళ్లు వాడాక ఒత్తుల గురించి నా అభిప్రాయం

నా యాప్‌లో శతక పద్యాలు ఉంటాయి. రోజుకొక పద్యం, కింద ప్రతిపదార్థం, తాత్పర్యం. 2019 చివర్లో మొదలుపెట్టాను. చదివేవాళ్లలో ఎక్కువమంది అరవై దాటినవాళ్లు, అక్షరాన్ని పెద్దది చేసుకుని చదువుతారు. ఇన్నేళ్లలో రంగులు మార్చాను, స్క్రీన్లు మార్చాను, సగం కోడ్ తిరగరాశాను. మొదటి నెలలో రాసిన ఒక్క వరుసను మాత్రం ఇప్పటివరకు తీయలేదు.

```xml
android:elegantTextHeight="true"
```

ఈ వరుస మీద నాకు ఎంత ఇష్టమో చెప్పాలంటే ముందు అది చేసే పని చెప్పాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు ఫాంటు ఒకటి కాదు, రెండు రూపాల్లో ఉంటూ వచ్చింది. ఒకటి మామూలు నోటో సాన్స్ తెలుగు. రెండోది అదే ఫాంటును ఇంగ్లిష్ అక్షరాల ఎత్తులో పట్టేలా కుదించిన రూపం. బటన్లు, మెనూలు, జాబితాలు అన్నీ ఇంగ్లిష్ కొలతలకు గీసినవి కాబట్టి, మనం ఏమీ చెప్పకపోతే చాలా ఏళ్లపాటు కుదించిన రూపమే వచ్చేది. ఈ వరుస రాస్తే కుదించని రూపం వస్తుంది, పైన కింద కాస్త చోటు కూడా కలుస్తుంది. ఆండ్రాయిడ్ 5 నుంచి ఈ సదుపాయం ఉంది.

మొదటిసారి ఇది పెట్టి చూసిన రోజు నాకు బాగా గుర్తుంది. పరీక్షకు నేను ఎప్పుడూ వాడే మాట జ్యోత్స్న. చివరి అక్షరంలో త కింద స ఒత్తు, దాని వెంట న ఒత్తు. కుదించిన రూపంలో ఆ ఒత్తులు రెండూ పై అక్షరానికి అతుక్కుపోయినట్టు ఉండేవి. నాకు మాట తెలుసు కాబట్టి చదువుకునేవాణ్ని. ఈ వరుస రాయగానే తకు, ఒత్తులకు మధ్య సన్నటి తెల్లటి సందు కనిపించింది. పుస్తకంలో చదివినట్టే ఉంది. మా నాన్న ఫోన్‌లో వేసి ఇస్తే కళ్లజోడు సర్దుకోకుండా పద్యం మొత్తం చదివారు.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నన్ను చాలామంది అడిగారు. ఒత్తులను కలిపేది ఈ వరుస కాదు. అక్షరాలను కలిపే పని ఆండ్రాయిడ్ లోపలి హార్ఫ్‌బజ్‌ది, ఎలా కలపాలో చెప్పే నియమాలు ఫాంటులో ఉంటాయి. కాబట్టి స్క్రీన్ మీద జ్‌యోత్‌స్‌న అని పొల్లులు విడివిడిగా కనిపించినా, చుక్కల సున్నా వచ్చినా తప్పు ఫాంటులోనో, మీ డేటాలోనో వెతకండి. ఒత్తు సరిగ్గానే కలిసి, కిందిభాగం కత్తితో కోసినట్టు అడ్డంగా తెగిపోతే అది చోటు తక్కువైన సమస్య. ఈ రెండింటినీ ఒకటే అనుకుని నేను మొదట్లో రెండు రోజులు ఫాంటులు మారుస్తూ కూర్చున్నాను.

2020లో మిత్రులకు రాస్తూ, తెలుగు యాప్‌కు ఈ ఒక్క వరుస చాలని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అలాగే చెప్పలేను. అప్పట్లో నేను చూసింది పద్యం ఉండే పెద్ద పేజీ ఒక్కటే. అక్కడ ఎత్తుకు హద్దు లేదు, ఎంత పెరిగితే అంత పేజీ జరుగుతుంది. ఎత్తు కట్టేసిన చోట ఏమవుతుందో నాకు నిరుడు తెలిసింది.

ప్లే స్టోర్ నియమం ప్రకారం 2025 ఆగస్టు 31 తర్వాత ఇచ్చే అప్‌డేట్లు కనీసం ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకోవాల్సి వచ్చింది. నేనూ targetSdk అంకెను 35 చేశాను. నా ఫోన్ పాతది, అందులో ఏ తేడా రాలేదు. విడుదల చేశాను. నాలుగో రోజున ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్ చేశారు. ‘బాబూ, పద్యం బాగానే వస్తోంది. ముందు పేజీలో పేర్లు మాత్రం తెగుతున్నాయి. రత్నం అన్నచోట నాకు రతం అని కనిపిస్తోంది’ అన్నారు. స్క్రీన్‌షాట్ పంపమన్నాను. నిజంగానే రెండు వరుసల శీర్షికల్లో కింది వరుస ఒత్తులు సగానికి తెగి ఉన్నాయి. ఆయన అక్షరం సైజు కూడా పెద్దది పెట్టుకున్నారు, అందుకే అందరికన్నా ముందు ఆయనకు కనిపించింది.

ఆ రాత్రి టెన్షన్ అంతా ఇంతా కాదు. నేను ముట్టుకోని పేజీ ఎందుకు పాడైందో అర్థం కాలేదు. కారణం చూస్తే నాకు ఇష్టమైన సదుపాయమే. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో elegantTextHeight ఆండ్రాయిడ్ 15, ఆపై ఫోన్లలో మనం అడగకుండానే ఆన్ అయిపోతుంది. తెలుగు, కన్నడం, తమిళం, మలయాళం లాంటి కొన్ని లిపులకు కుదించిన ఫాంటు పోయి అసలు ఫాంటు వస్తుంది. ఇది మంచి మార్పే, నేను ఏళ్లుగా కోరుకున్నదే. కానీ ముందు పేజీలో కార్డులను కుదించిన రూపానికి సరిపోయేలా 56dp ఎత్తుకు కట్టేశాను. శీర్షిక 16sp, రెండు వరుసలు. కుదించిన అక్షరాలు ఆ కొలతలో ఎలాగోలా పట్టాయి. అసలు అక్షరాలకు ఆ చోటు చాలలేదు.

తొందరలో మొదట చేసింది, కార్డులకు మాత్రం ఆ విలువను false చేయడం. పది నిమిషాల్లో సమస్య పోయింది, మాస్టారు కూడా బాగుందన్నారు. కానీ ఆ మందు ఎక్కువ కాలం పనిచేయదు. ఆండ్రాయిడ్ 16ను లక్ష్యంగా పెట్టుకుంటే ఆండ్రాయిడ్ 16, ఆపై ఫోన్లలో ఈ వరుసను సిస్టమ్ అసలు పట్టించుకోదు, కుదించిన ఫాంటులనే పక్కన పెడుతున్నారు. అందుకే వారం తర్వాత కూర్చుని కార్డులన్నీ సరిచేశాను. కట్టేసిన ఎత్తు తీసేసి, కనీస ఎత్తు ఇచ్చాను.

```xml
android:layout_height="wrap_content"
android:minHeight="56dp"
android:includeFontPadding="true"
```

మూడో వరుస మీద ఒక మాట. ఇంగ్లిష్ డిజైన్లలో అక్షరం సరిగ్గా మధ్యలో నిలబడాలని includeFontPadding తీసేయడం అలవాటు. నేను కూడా తీసేశాను. తెలుగులో మొదటి వరుస మీది గుడులకు, చివరి వరుస కింది ఒత్తులకు ఊపిరి ఆడేది ఆ చోటులోనే. మధ్య వరుసల సంగతి ఆండ్రాయిడ్ 9లో వచ్చిన fallbackLineSpacing చూసుకుంటుంది. తెలుగు ఫాంటుకు ఎంత ఎత్తు కావాలో చూసి వరుసల మధ్య దూరం పెంచుతుంది. అంతకన్నా పాత ఫోన్లలో పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది. వాటికోసం lineSpacingMultiplier విలువను 1.2 పెట్టాను.

ఇప్పుడు ప్రతి విడుదలకు ముందు ఒకే పరీక్ష చేస్తాను. ఫోన్ సెట్టింగుల్లో అక్షరం సైజు చివరి దాకా పెంచి, పై వరుసలో జ్యోత్స్న, కింది వరుసలో శ్రీ పెట్టి ప్రతి పేజీ చూస్తాను. ఒత్తు తెగకూడదు, గుడిని తాకకూడదు. పాత ఫోన్ ఒకటి, కొత్తది ఒకటి ఉంటే చాలు.

అలా పేజీలన్నీ తిప్పుతున్నప్పుడే ఇంకో తప్పు దొరికింది. అది ఎత్తుకు సంబంధించింది కాదు, పేరు రాసే పెట్టెకు సంబంధించింది. అక్కడ maxLength 20 అని పెట్టాను. వెంకట లక్ష్మీ జ్యోత్స్న అని కొడితే ‘వెంకట లక్ష్మీ జ్యోత్’ దగ్గర ఆగిపోయింది. మన కంటికి అవి ఏడు అక్షరాలు. ఆండ్రాయిడ్ లెక్కలో ప్రతి హల్లు, ప్రతి పొల్లు, ప్రతి గుణింతపు గుర్తు, ప్రతి సున్నా విడివిడిగా ఒకటి, కాబట్టి ఖాళీలతో కలిపి 23. ఒక మనిషి పేరును సగంలో పొల్లు పెట్టి నిలిపేశాను, అది కూడా అన్నేళ్లు. ఎవరూ చెప్పలేదు, బహుశా ఇంగ్లిష్‌లో రాసుకుని ఊరుకున్నారేమో. ఇది నన్ను తెగిన ఒత్తులకన్నా ఎక్కువ బాధపెట్టింది.

అక్షరాలు లెక్కపెట్టాలంటే BreakIterator ఉంది, కానీ దాన్ని కూడా పూర్తిగా నమ్మలేం. అదే పేరుకు కొత్త ఫోన్ ఖాళీలతో కలిపి 9 చెబుతుంది, పాత ఫోన్ 14 చెబుతుంది. పొల్లు తర్వాత విడగొట్టకూడదనే నియమం యూనికోడ్ 15.1తో, అంటే 2023లో స్థిరపడింది. పాత ఫోన్లకు త్స్న ఒక అక్షరం కాదు, మూడు ముక్కలు. చివరికి నేను హద్దును 60కి పెంచి వదిలేశాను. వెనక్కి చెరిపే మీట సంగతి మాత్రం అలాగే ఉంచాను. లక్ష్మి చెరిపితే లక్ష్మ, లక్ష్, లక్ష, లక్, లక అంటూ ఒక్కో ముక్క పోతుంది. కర్సర్ మాత్రం క్ష్మిని ఒకే గెంతులో దాటుతుంది. మొదట విసుగనిపించినా గుడి బదులు కొమ్ము పడినప్పుడు అదొక్కటే దిద్దుకోవచ్చు, అక్షరం మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు.

ఎవరికి సరిపోతుందంటే, నాలాగా పేజీ నిండా తెలుగే ఉండి, ఫోన్‌లో ఉన్న ఫాంటునే వాడేవాళ్లు, పాత ఆండ్రాయిడ్ ఫోన్ల వాళ్లను వదులుకోలేనివాళ్లు ఈ వరుసను ఉంచుకోవాలి. మీరు res/font లో మండలి, రామభద్ర లాంటి సొంత ఫాంటు పెట్టుకుంటే ఎంచుకోవడానికి కుదించిన జత ఉండదు కాబట్టి దీనివల్ల అక్షరరూపంలో మీకు తేడా రాదు. ఎత్తు సంగతి ఆ ఫాంటుతో మళ్లీ మొదటి నుంచి చూసుకోవాలి. బటన్లు ఎక్కువగా ఉండి ఇంగ్లిష్, తెలుగు పక్కపక్కనే వచ్చే యాప్ నేను చేయలేదు, అక్కడ వరుసలు ఎగుడుదిగుడుగా పెరగడం మీ డిజైనర్‌కు నచ్చకపోవచ్చు.

మాస్టారి ఫోన్‌లో ఇప్పుడు ముందు పేజీలో మునుపటికన్నా రెండు కార్డులు తక్కువ పడుతున్నాయి. ఆయన్ని అడిగితే, రత్నం రత్నంలా ఉంటే చాలన్నారు.