చేతి స్కెచ్ నుంచి కొలతల పట్టిక చేయించుకుంటున్నారా? మీ 10-10 ఏమైందో ముందు చూసుకోండి

ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, పాత ఇంటికి ఫ్లోరింగ్ మార్పిస్తున్నవాళ్లు ఇది ఒక్కసారి చదవండి. మేస్త్రి గీసిన ప్లాన్ ఫొటో తీసి పంపితే గంటలో గదుల పేర్లు, పొడవు, వెడల్పు, చదరపు అడుగులతో ఎక్సెల్ పట్టిక చేసి ఇస్తామని ఆన్‌లైన్‌లో చాలామంది చెబుతున్నారు. అలాంటి ఒకరికి నేను ఆరు వందలు కట్టి పట్టిక తీసుకున్నాను. ఆరు వందలు పోతే పోయాయి. ఆ పట్టికను నమ్మి టైల్స్ ఆర్డర్ పెట్టడం వల్ల వచ్చిన ఇబ్బంది మాత్రం ఇంటిలోనే ఉండిపోయింది.

తెనాలి దగ్గర మా ఊళ్లో నాన్న చిన్న ఇల్లు కట్టిస్తున్నారు. మేస్త్రి గారు లెడ్జర్ కాగితం మీద పెన్సిల్‌తో ప్లాన్ గీసి ఇచ్చారు. మన వైపు మేస్త్రులు కొలత ఎలా రాస్తారో మీకు తెలుసు. పది అడుగుల పది అంగుళాలు అంటే 10-10 అని రాస్తారు. కొన్నిచోట్ల అడుగుకి ఒక గీత, అంగుళానికి రెండు గీతలు పెడతారు. గది పేర్లు పొడి అక్షరాల్లోనే ఉంటాయి. పడకగదికి ప.గ, వంటగదికి వ.గ, అంతే. నేను హైదరాబాద్‌లో ఉంటాను, టైల్స్ షాపు వాళ్లు చదరపు అడుగులు అడుగుతున్నారు, అందుకే ఎవరైనా చక్కగా పట్టిక చేసి ఇస్తే బాగుంటుందనుకున్నాను.

పట్టిక వచ్చింది. చూడ్డానికి ఎంతో నీటుగా ఉంది, రంగు హెడ్డింగులు, పైన 'ఫీట్' అని యూనిట్, కింద మొత్తం. మొదటి చూపులోనే రెండు తప్పులు కనిపించాయి. పూజగది 40 అడుగుల పొడవు ఉంది. మేస్త్రి గారు నాలుగు అడుగులకు 4-0 అని రాస్తే మధ్య గీత ఎగిరిపోయి 40 అయింది. ఇంకొకటి, పడకగదులు రెండున్నాయి, వంటగది లేదు. చేతిరాతలో 'ప', 'వ' ఎంత దగ్గరగా ఉంటాయో మనకు తెలియంది కాదు. రెండూ చెప్పగానే పది నిమిషాల్లో సరిచేసి పంపారు. అక్కడే నేను పొరపాటు చేశాను. కళ్లకు కనిపించే తప్పులు పోయాయి కాబట్టి మిగతాదంతా సరిగ్గానే ఉందనుకున్నాను.

అసలు తప్పు కళ్లకు కనిపించదు. మేస్త్రి గారి కాగితంలో పడకగది 10-10 బై 11-6. పట్టికలో 10.1 బై 11.6 అని ఉంది. చదివితే ఏమీ తేడాగా అనిపించదు, పడకగది అంటే అంతే ఉంటుంది కదా అనిపిస్తుంది. కానీ అడుగుకి 12 అంగుళాలు. 11 అడుగుల 6 అంగుళాలు అంటే పదకొండున్నర, 11.5. దాన్ని 11.6 అని రాయడం తప్పు. 10 అడుగుల 10 అంగుళాలు అంటే 10.83. అది 10.1 ఎలా అయిందో తర్వాత నేనే ఎక్సెల్ తెరిచి చూశాను. 10-10 అని కొడితే ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుని 10-Oct అని మార్చేస్తుంది. ఆ గొడవ ఎందుకని గీత తీసేసి చుక్క పెడితే 10.10 అవుతుంది. ఎక్సెల్‌కి అది మామూలు అంకె, చివరి సున్నాకి విలువ లేదు, తీసేసి 10.1 అని చూపిస్తుంది. 10 అడుగుల ఒక అంగుళం ఉన్న గదిని అదే పద్ధతిలో కొట్టినా 10.1 అనే వస్తుంది. దాదాపు తొమ్మిది అంగుళాల గోడ మందం అంత కొలత ఒక సున్నాతో పాటు మాయమైంది.

ఈ తప్పు అన్ని గదుల్లోనూ ఒకేలా ఉండదు, అందుకే పట్టుకోవడం కష్టం. హాలు 12-4 బై 16-9. వాళ్ల లెక్కలో 12.4 బై 16.9, అంటే 209.6 చదరపు అడుగులు. నిజానికి 206.6. ఇక్కడ మూడు అడుగులు ఎక్కువే చూపించింది. బాత్రూమ్ 4-11 బై 7-0. వాళ్లు 4.11 బై 7 అని వేసి 28.8 చూపించారు, నిజం 34.4. అంగుళాలు పది, పదకొండు ఉన్నచోట బాగా తగ్గుతుంది, మిగతాచోట్ల కాస్త పెరుగుతుంది. మొత్తం చూసుకుంటే పెరిగింది, తగ్గింది కలిసిపోయి తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ టైల్స్ మొత్తం ఇంటికి కలిపి వేయం కదా, ఏ గదికి ఆ గదే.

పడకగదికి ఏం జరిగిందో చెబుతాను. పట్టిక ప్రకారం 10.1 బై 11.6 అంటే 117 చదరపు అడుగులు. షాపతను వేస్టేజీ అయిదు శాతం కలిపి 123 అన్నాడు. మనం రెండు బై రెండు అని పిలిచే టైల్ నిజానికి 600 మిల్లీమీటర్లు. బాక్సుకి నాలుగు, బాక్సు 15.5 చదరపు అడుగులు వస్తుంది. ఎనిమిది బాక్సులకి 124, సరిపోయింది అని బిల్లు వేశాడు. అతని తప్పేం లేదు, నేనిచ్చిన అంకెకి లెక్క వేశాడు. గది మాత్రం 124.6 ఉంది. అంటే ఒక్క టైలు కూడా పగలకుండా, ఒక్క ముక్క కూడా వృథా కాకుండా వేసినా చాలదు.

టైల్స్ మేస్త్రి ఫోన్ చేసి, "బాబూ, బీరువా మూలకి వచ్చేసరికి రెండు తగ్గాయి, ఒకటి కోతలో విరిగింది, ఇంకో బాక్సు పంపించండి" అన్నాడు. షాపుకి ఫోన్ చేస్తే "ఆ బ్యాచ్ అయిపోయిందండీ, అదే డిజైన్ ఉంది కానీ షేడ్ నంబర్ వేరే" అన్నారు. టైల్స్ కొన్నవాళ్లకి ఇది తెలుసు. ఒకే డిజైన్ అయినా బ్యాచ్ మారితే రంగు ఒక పిసరు మారుతుంది, బాక్సు మీద షేడ్ నంబర్ అందుకే వేస్తారు. విడిగా చూస్తే తెలియదు, పక్కపక్కన పెడితే పగటి వెలుగులో స్పష్టంగా తెలుస్తుంది. కప్‌బోర్డు చేసే కార్పెంటర్ మాత్రం కాగితం ఏదీ చూడకుండా తన టేపుతో తానే కొలుచుకున్నాడు. ఆ పట్టిక చూసి ప్లైవుడ్ కోయిస్తే నష్టం వేలల్లో ఉండేది.

పట్టిక చేసినవాళ్లకి ఇదంతా రాసి పంపాను. "మీ కాగితంలో ఉన్న అంకెలే ఎక్కించాం, యూనిట్ ఫీట్ అని మీరే చెప్పారు" అన్నారు. సరిచేయాలంటే మళ్లీ సగం డబ్బు కట్టమన్నారు. వాళ్లు నమూనాగా పెట్టిన ప్లాన్ మళ్లీ తీసి చూశాను. అందులో కొలతలన్నీ మీటర్లలో, 3.20, 4.15 అని, అచ్చు అక్షరాల్లా రాసి ఉన్నాయి. అలాంటి దాంట్లో చుక్క పెడితే తప్పేమీ రాదు. మన మేస్త్రుల కాగితం అది కాదు. నమూనా చూసి మోసపోకండి.

డబ్బు కట్టే ముందు మీ ప్లాన్‌లో ఒక్క మూల ఫొటో పంపించి రెండు గదులు చేసి చూపించమనండి. అంగుళాలు 10 గానీ 11 గానీ ఉన్న గది అందులో ఉండేలా చూసుకోండి. సరైన పట్టికలో అడుగులకి ఒక గడి, అంగుళాలకి వేరే గడి ఉండాలి. దశాంశం చేత్తో కొట్టకూడదు, ఫార్ములాతో రావాలి. అడుగులు B గడిలో, అంగుళాలు C గడిలో ఉంటే ఇంతే:

```
=B2+C2/12
```

గది పేరు కూడా కాగితంలో ఎలా ఉందో అలాగే ఒక గడిలో, వాళ్లు అనుకున్న పూర్తి పేరు పక్క గడిలో ఉండాలి. చదవలేని అంకె ఉంటే ఊహించి నింపకుండా ఖాళీగా వదిలి గుర్తు పెట్టమని ముందే చెప్పండి.

ఇప్పటికే పట్టిక చేతిలో ఉంటే చుక్క తర్వాత అంకెలు చూడండి. అంగుళాలను సరిగ్గా మార్చి రెండు స్థానాల వరకు రాస్తే .08, .17, .25, .33, .42, .50, .58, .67, .75, .83, .92 మాత్రమే వస్తాయి, లేదంటే ఏమీ ఉండదు. 8.3 అనో, 4.11 అనో, 16.9 అనో కనిపిస్తే అంగుళాలను అలాగే చుక్క వెనక పెట్టేశారన్న అనుమానం రావాలి. ఒక్క .5 దగ్గర మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. అది ఆరు అంగుళాలను సరిగ్గా మార్చింది కావచ్చు, అయిదు అంగుళాలను తప్పుగా రాసింది కావచ్చు. కాగితం చూడాల్సిందే.

దానికన్నా గట్టి పరీక్ష గోడలతో సహా కూడటం. మా ఇల్లు బయటి కొలత అడ్డంగా సరిగ్గా 25 అడుగులు. బయటి గోడ 9 అంగుళాలు, పడకగది 10-10, మధ్య గోడ 4 అంగుళాలు, హాలు 12-4, అవతలి గోడ 9 అంగుళాలు. గదులు రెండూ కలిపి 23 అడుగుల 2 అంగుళాలు, గోడలు కలిపి 22 అంగుళాలు, మొత్తం 25 అడుగులు. పట్టికలోని 10.1, 12.4 పెట్టి కూడితే 24 అడుగుల 4 అంగుళాలే వస్తుంది. ఎనిమిది అంగుళాల ఇల్లు ఎక్కడికి పోయిందని అప్పుడే అడిగి ఉండాల్సింది. ఒకవేళ మీ లెక్కలో మొత్తం తగ్గకుండా బయటి కొలత కన్నా ఎక్కువ వస్తే, మేస్త్రి గోడ మధ్య నుంచి గోడ మధ్యకి కొలత వేశారేమో అడగండి. అలా వేసిన కొలతతో టైల్స్ లెక్క కట్టకూడదు, దానికి గది లోపలి కొలతే కావాలి.

బాత్రూమ్ టైల్స్ ఇంకా ఆర్డర్ పెట్టలేదు కాబట్టి అక్కడ తప్పించుకున్నాం. నాన్న, మేస్త్రి గారు కలిసి టేపు పట్టి ప్రతి గదీ మళ్లీ కొలిచారు, ఈసారి అడుగులు, అంగుళాలు వేర్వేరు గడుల్లో నేనే ఎక్కించాను. పడకగదిలో తగ్గిన ఆ రెండూ వేరే షేడ్‌వే వేయించాల్సి వచ్చింది. బీరువా అదే మూలకి జరిపాం, అయినా ఒకటి సగం బయటికే ఉంది.