ఒకే ఫ్రేమా, మూడు ఫ్రేములా? పెయింట్, టైల్స్ షాపు యాడ్‌లో గదిని మార్చి చూపించడానికి ఏది మేలు?

పెయింట్లు, టైల్స్ అమ్మే షాపుకి ముప్పై సెకన్ల యాడ్ రాయమంటే ఎక్కువమందికి మొదట తట్టేది ఒకటే. పాత గదిని చూపించి, మూడు అంగల్లో దాన్ని కొత్త గదిగా మార్చేయడం. ఆలోచన మంచిదే. ఆ మూడు మార్పుల్ని ఎక్కడ నిలబడి చూపిస్తున్నామన్న దగ్గరే తేడా వస్తుంది. కెమెరాని ఒకే చోట నిలిపి, అదే ఫ్రేములో గదిని మూడుసార్లు మార్చవచ్చు. లేదంటే నేలకో షాటు, గోడకో షాటు, చివర్లో మొత్తం గదికో షాటు పెట్టుకోవచ్చు. నేను రెండు రకాలూ రాశాను, తీయించాను. నిజమైన గది దొరికితే నా ఓటు ఒకే ఫ్రేముకే. కానీ అది అడిగే ఓపిక ఎంతో ముందే తెలుసుకుని దిగాలి.

మూడు ఫ్రేముల పద్ధతి సుఖమైనది. నేల షాటు ఒకరోజు, గోడ షాటు ఇంకోరోజు తీసుకోవచ్చు, అవసరమైతే వేరే గదిలోనూ తీయవచ్చు. టైలు దగ్గరగా కనిపిస్తుంది కాబట్టి దాని నునుపు, గరుకు తెలుస్తాయి. నేను మొదట రాసిన యాడ్ ఇలాంటిదే. ఎడిటింగ్ అయ్యాక, షూటింగుతో సంబంధం లేని ఒకరికి చూపించాను. 'పాత గది ఎక్కడిది, కొత్త గది ఎక్కడిది?' అని అడిగారు. రెండూ ఒకటేనని ఆ మనిషికి తోచనే లేదు. పాత గదిని దూరం నుంచి, కొత్త నేలని మోకాలి ఎత్తు నుంచి చూపించాం. కన్ను పోల్చుకోవడానికి రెండింటిలోనూ మారకుండా నిలిచిన వస్తువు ఒక్కటీ లేదు. కిటికీ, తలుపు ఉన్నచోటే ఉండి చుట్టూ అన్నీ మారితేనే 'ఇదే గది, చూడు ఎలా అయిందో' అనిపిస్తుంది. ఆ పోలిక లేనప్పుడు మనం చూపించింది మూడు అందమైన ఫొటోలే.

ఒకే ఫ్రేములో చిక్కంతా కెమెరాని అదే చోట ఉంచడంలో ఉంది. పనికి రోజులు పడుతుంది, అన్నాళ్లూ ట్రైపాడ్‌ని కదలకుండా ఉంచడం కుదరదు. కాళ్ల దగ్గర నేలమీద టేపు అంటించి గుర్తు పెడదామంటే, మారేది ఆ నేలే. పాత నేలమీదే కొత్త టైలు పరిచినా, టైలు మందం, కింద గమ్ము పొర కలిపి నేల దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్ పైకి లేస్తుంది. ట్రైపాడ్ మళ్లీ అదే ఎత్తులో పెట్టామనుకుంటాం, కానీ లెన్స్ పైకి జరిగి ఉంటుంది. కట్ దగ్గర కిటికీ అంచు చిన్నగా ఎగురుతుంది. చూసేవాళ్లకి ఏం జరిగిందో తెలియకపోయినా, ఏదో అతకలేదని మాత్రం తెలుస్తుంది. అందుకే ట్రైపాడ్‌ని గది లోపల కాకుండా గుమ్మం బయట, మారని నేలమీద పెట్టాలి. కాళ్ల గుర్తులు అక్కడే వేసుకోవాలి. లెన్స్ ఎత్తుని నేల నుంచి కాదు, ద్వారబంధం మీద పెన్సిల్‌తో గీసిన గీత నుంచి కొలవాలి. జూమ్ ఉన్న లెన్స్ అయితే అది ఎక్కడ ఆగిందో కూడా రాసుకోవాలి. రెండోసారి తీసేటప్పుడు మొదటి షాటుని తెరమీద సగం పారదర్శకంగా పెట్టి కిటికీ మీద కిటికీని కూర్చోబెడితే మిగిలిన తేడా పోతుంది.

ఒకే ఫ్రేము ఇంకో మేలు చేస్తుంది, మార్పుల వరసని అదే నిర్ణయిస్తుంది. యాడ్‌లో ముందు రంగు, తర్వాత టైలు అని రాసుకుంటే, నిజంగానే కొత్త రంగు వేసిన గదిలో టైల్స్ కోయాలి. ఆ దుమ్ము తాజా గోడకి పడుతుంది. తర్వాత అక్కడక్కడా టచప్ చేస్తే పక్కనుంచి వెలుతురు పడినప్పుడు మచ్చలు కనిపిస్తాయి. కాబట్టి ముందు నేల, తర్వాత వెనక గోడకి టైలు, ఆఖర్న మిగతా గోడలకి రంగు. చూసేవాళ్లకి కూడా ఇదే మంచి వరస. తెరమీద ఎక్కువ చోటు మార్చేది రంగే కాబట్టి పెద్ద మార్పు చివర్లో పడుతుంది.

ఇప్పుడు పేర్ల సంగతి. ఈ యాడ్ ఎందుకు తీస్తున్నాం? చూసినవాళ్లు షాపుకొచ్చి కౌంటర్ దగ్గర ఒక పేరు చెప్పాలి. 'మీ యాడ్‌లో ఆ తెల్లటి రంగు ఉంది కదా' అన్నారంటే మన పని సగమే అయినట్టు, ఎందుకంటే తెలుపుకి దగ్గరి షేడ్లు కేటలాగులో పేజీలకి పేజీలు ఉంటాయి. పేరు ఎప్పుడు వినిపించాలన్నదాంట్లో మూడు దారులున్నాయి. మార్పుకి ముందే చెబితే ఆ పేరుకి ఇంకా బొమ్మ లేదు, చెవిలోంచి జారిపోతుంది. మార్పు పడిన క్షణంలోనే గొంతూ, తెరమీద అక్షరాలూ కలిసి వస్తే కన్ను అక్షరాల మీదికి వెళ్తుంది, మార్పు చూడకుండానే గడిచిపోతుంది. నేను ఎంచుకునేది మూడోది. మార్పు పడ్డాక ఒక సెకను ఏ మాటా లేకుండా వదలాలి. అప్పటికి 'ఇదేంటి?' అన్న ప్రశ్న చూసేవాళ్లలోనే పుడుతుంది. పేరు దానికి జవాబుగా వస్తుంది.

పేరులో ఎంత చెప్పాలి? కంపెనీ పేరు, రకం, షేడ్, కోడ్, సైజు, ఫినిష్ అన్నీ గొంతుతో చెప్పిస్తే ఏదీ మిగలదు. గొంతుకి షేడ్ పేరు, వెంట అదేమిటో చెప్పే నాలుగైదు మాటలు చాలు. తెరమీద పేరు పెద్దగా, కింద చిన్నగా సైజు, ఫినిష్ ఉండాలి. కోడ్ చివరి కార్డులోకి వెళ్లాలి. పేర్లు ఊహించుకుని రాసిన స్క్రిప్టు ఇది:

0–4 సెకన్లు. పాత గది, నిశ్చల ఫ్రేము.
గొంతు: ఇదే గది. గోడలు వెలిశాయి, నేల మాసింది.

4–11. టైలు దగ్గరగా ఒక సెకను. ఫ్రేములో నేల మారుతుంది. ఒక సెకను నిశ్శబ్దం.
గొంతు: కింద ఇసుకమేట. రెండడుగుల మ్యాట్ విట్రిఫైడ్ టైలు.
తెరమీద: ఇసుకమేట | 600×600 మి.మీ. మ్యాట్

11–18. గోడ టైలు దగ్గరగా ఒక సెకను. వెనక గోడ మారుతుంది. నిశ్శబ్దం.
గొంతు: వెనక గోడకి రాతిపొర. వేలికి గరుకు తగిలే గోడ టైలు.
తెరమీద: రాతిపొర | 300×600 మి.మీ. గోడ టైలు

18–25. రోలర్ గోడమీద ఒక సెకను. మిగతా గోడలు మారతాయి, గది తెల్లబడుతుంది. నిశ్శబ్దం.
గొంతు: మిగతా గోడలకి తొలివెన్నెల. తడిబట్టతో తుడుచుకోగల మ్యాట్ ఎమల్షన్.
తెరమీద: తొలివెన్నెల | మ్యాట్ ఎమల్షన్

25–30. పూర్తయిన గది, పక్కన మూడు నమూనాలు, కోడ్‌లతో.
గొంతు: ఇసుకమేట, రాతిపొర, తొలివెన్నెల. మూడూ మా షాపులోనే.

గొంతుకి మొత్తం ముప్పైమూడు మాటలు. ముప్పై సెకన్లకి ఇది తక్కువని షాపువాళ్లు అంటారు. తెలుగు మాటలు పొడుగు, తీరిగ్గా చదివితే సెకనుకి రెండు మించవు. మూడు చోట్ల నిశ్శబ్దం కూడా పోగా మిగిలిన చోటుకి ఇదే సరి. 'అత్యాధునిక సాంకేతికతతో తయారైన ప్రీమియం నాణ్యత గల' అని చేర్చమంటే నేను ఒప్పుకోను. అవి పలికే మూడు నాలుగు సెకన్లు సరిగ్గా పేరు మనసులో కుదురుకోవాల్సిన సమయం. ఇంకో సంగతి, మ్యాట్ టైలు కదా అని 'కాలు జారదు' అని రాయకండి. జారకపోవడం వేరే గుణం, దానికి R10, R11 లాంటి రేటింగ్ టైలు వివరాల్లో ఉండాలి. లేని మాట యాడ్‌లో ఉంటే రేపు జారిపడ్డవాళ్లు అడుగుతారు. రంగుకి 'తుడుచుకోగల' అన్న మాట కూడా డబ్బా మీద ఉంటేనే రాయాలి.

మార్పుకి ముందు దగ్గరి షాటు ఎందుకు పెట్టానంటే, ఒకే ఫ్రేముకున్న పెద్ద లోపం అదే. గుమ్మం బయటినుంచి చూస్తే గరుకు రాతి టైలూ, దాని బొమ్మ అచ్చువేసిన నున్నటి టైలూ ఒకేలా కనిపిస్తాయి. మూడు ఫ్రేముల పద్ధతిలోని మేలుని ఆ ఒక్క సెకనుతో అరువు తెచ్చుకున్నాం. అక్కడ వెలుతురు పక్కనుంచి పడాలి, అప్పుడే గరుకుకి నీడలొస్తాయి.

రంగు విషయంలో రెండు పద్ధతులకీ ఒకటే ప్రమాదం. కెమెరాలో వైట్ బ్యాలెన్స్, ఎక్స్‌పోజర్ ఆటోలో ఉంటే గోడ తెల్లబడగానే కెమెరా తనంతట తానే సర్దుకుని ఫ్రేముని చీకటి చేస్తుంది, రంగుని ఇంకోలా చూపిస్తుంది. ఒకసారి మా యాడ్‌లో మీగడ తెలుపు కాస్తా పసుపుగా వచ్చింది. ఆ పసుపే కావాలని వచ్చినవాళ్లకి చూపించడానికి షాపులో అలాంటి డబ్బా లేదు. రెండింటినీ చేత్తో సెట్ చేసి, పాత గదికీ కొత్త గదికీ అవే అంకెలు, అవే లైట్లు ఉంచాలి. షేడ్ కార్డుని గోడకి ఆనించి పరీక్షగా ఒక షాటు తీసి, ఫోన్‌లో వచ్చిన రంగుని చేతిలోని కార్డుతో పోల్చుకోవాలి. తడి ఎమల్షన్ ఆరాక షేడ్ మారుతుంది కాబట్టి రెండో కోటు పూర్తిగా ఆరాకే ఈ షాటు తీయాలి.

యాడ్ ఫోన్‌లో నిలువుగా చూసేదైతే ఇంకో జాగ్రత్త. ఫ్రేము అడుగుభాగాన్ని బటన్లు, రాతలు కప్పేస్తాయి. నేల ఉండేది అక్కడే, అంటే మొదటి మార్పు సగం కనిపించదు. కెమెరాని తల ఎత్తుకన్నా కొంచెం పైన పెట్టి కిందికి వంచితే నేల ఫ్రేము మధ్యదాకా పరుచుకుంటుంది. పేరుని నడిమి భాగంలో, ముదురు పట్టీ మీద పెట్టాలి. లేత గోడమీద తెల్ల అక్షరాలు కలిసిపోతాయి. రాతి టైలు మీద పల్చని అక్షరాలు పెడితే వత్తులు, గుణింతాలు గరుకులో మాయమై 'రాతిపొర'ని ఎవరూ చదవలేరు.

మరి మూడు ఫ్రేములు ఎప్పుడు మేలు? మార్చడానికి నిజమైన గది లేక షోరూమ్‌లోని నమూనా గోడలే ఉన్నప్పుడు. లేదా అమ్ముతున్న మూడూ టైల్సే అయి, వాటి తేడా అంతా తాకితే తెలిసే గరుకులోనే ఉన్నప్పుడు. అప్పుడు 'ముందు, తర్వాత' అన్న మాటే ఎత్తకుండా, మూడు ఉపరితలాల్ని వరసగా చూపించే యాడ్‌గా రాసుకోవడం నిజాయతీ. వేరువేరు గదుల్ని ఒకే గదిగా నమ్మించబోతే మొదట చెప్పిన ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది.

ఏ పద్ధతైనా, విడుదలకి ముందు యాడ్‌ని కొత్తవాళ్లకి ఒక్కసారి చూపించి, ఫోన్ తీసేసుకుని, 'షాపుకెళ్తే ఏమని అడుగుతారు?' అని అడుగుతాను. రెండు పేర్లన్నా వస్తే వదులుతాను. 'ఆ రాయిలాంటి టైలు' అన్నారంటే అక్కడ నిశ్శబ్దం ఇంకో అర సెకను పెంచి, వెనకున్న వర్ణన మాటల్లో ఒకటి తీసేస్తాను. ఈలోగా షాపులో ఆ మూడు నమూనాల కింద అవే పేర్లు, అదే అక్షరక్రమంతో అతికించమంటాను. యాడ్‌లో ఇసుకమేట అని విని వచ్చినవాళ్లకి కౌంటర్లోని మనిషి కేటలాగు నంబరు తప్ప ఇంకేమీ తెలియదంటే, యాడ్‌లో అంత జాగ్రత్తగా వినిపించిన పేరు అక్కడే ఆగిపోతుంది.