మ్యూట్ చేసిన గ్రూపులో @ పిలుపు ఎంతవరకు పనిచేస్తుంది: రొయ్యల గుంటల గ్రూపులో చాలాకాలం వాడాక సమీక్ష

నెల్లూరు జిల్లాలో ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వైపు ఏ రొయ్యల రైతు ఫోన్ చూసినా ఒక్క వాట్సాప్ గ్రూపన్నా మ్యూట్‌లో ఉంటుంది. ఒకే కరెంటు ఫీడర్ మీద గుంటలున్న వాళ్లంతా కలిసి పెట్టుకున్న గ్రూపయితే మరీను. పొద్దున కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన 40 కౌంట్, 50 కౌంట్ రేట్లు, మధ్యాహ్నం మేత బస్తాల ఫోటోలు, సాయంత్రం వాన వీడియోలు, మధ్యలో పుట్టినరోజు శుభాకాంక్షలు. మోత భరించలేక మ్యూట్ పెడతారు. అదే గ్రూపులో రాత్రి రెండింటికి 'కరెంటు పోయింది' అన్న మెసేజ్ కూడా వస్తుంది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య పైకి తేలిపోతుంది. ఆ ఒక్క మెసేజ్ మ్యూట్‌ను దాటుకుని సరైన మనిషికి చేరుతుందా అన్నదే ఇక్కడ చూడాల్సింది.

చేరుతుంది, @ పెట్టి పిలిస్తే. వాట్సాప్‌లో గ్రూపును `Mute notifications` కింద 8 గంటలకో, వారానికో, `Always` అనో మ్యూట్ చేసినా, మీ పేరును @ తో పిలిచినా, మీ మెసేజ్‌కే రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తుంది. మిగతా మెసేజ్‌లన్నీ చప్పుడు లేకుండా పోగుపడతాయి. ఆర్కైవ్‌లో పెట్టిన గ్రూపుకూ ఇదే వర్తిస్తుంది. ఈ ఏర్పాటును మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. దీనివల్లే జనం గ్రూపుల్లోంచి వెళ్లిపోకుండా మ్యూట్‌లో ఉండగలుగుతున్నారు. అయితే పిలిచే తీరులో చిన్న తప్పు జరిగినా పిలుపు పోదు, పోలేదన్న సంగతి పంపినవాళ్లకు తెలియదు.

అన్నిటికన్నా ఎక్కువగా జరిగే తప్పు పేరును చేత్తో టైప్ చేసి వదిలేయడం. @ కొట్టగానే టైప్ చేసే గడికి పైన సభ్యుల జాబితా తెరుచుకుంటుంది. అందులోంచి పేరును వేలితో తాకి ఎంచుకుంటేనే అది పిలుపు అవుతుంది. ఎంచుకున్న పేరు రంగు మారుతుంది. '@శ్రీనన్నా' అని మొత్తం మీరే రాసి పంపితే అది ఉత్త అక్షరాలే, అన్న ఫోన్ ఉలకదు పలకదు. పంపే ముందు రంగు మారిందో లేదో చూస్తే చాలు. జాబితా తెరుచుకోకపోతే @ గుర్తు ముందు ఒక ఖాళీ వదిలి మళ్లీ కొట్టండి, ముందు పదానికి అతుక్కుపోయి ఉండొచ్చు.

జాబితాలో కనిపించేది మీ ఫోన్‌లో మీరు సేవ్ చేసుకున్న పేరు. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఇంగ్లీషులో సేవ్ చేసిన పేరును తెలుగులో వెతికితే దొరకదు. మన జిల్లాలో ఒకే గ్రూపులో నలుగురు శ్రీనులు, ముగ్గురు సుబ్బారెడ్లు ఉండటం మామూలే కాబట్టి, నిద్రమత్తులో వేలు పక్క పేరు మీద పడుతుంది. అప్పుడు కోవూరు శ్రీను బదులు అల్లూరు శ్రీను లేస్తాడు. అందుకని రాత్రి అవసరమయ్యే వాళ్లను పనిని బట్టి సేవ్ చేసుకోవడం మేలు: జనరేటర్ చూసే మనిషిని 'జెన్ మెకానిక్', మిగతావాళ్లను 'కాపలా 3వ గుంట', 'లైన్‌మన్ మన ఫీడర్' అని. @ కొట్టి 'జె' అనగానే మెకానిక్ పేరు పైకి వస్తుంది. మీరు ఏ పేరు పెట్టుకున్నారో అవతలివాళ్లకు తెలియదు. పిలుపు నంబరుకు వెళ్తుంది, ఎవరి ఫోన్‌లో వాళ్లు సేవ్ చేసుకున్న పేరే వాళ్లకు కనిపిస్తుంది. కాబట్టి మొహమాటం అక్కర్లేదు.

రెండోది మెసేజ్ రాసే వరుస. @ పిలుపు మొదట్లో ఉన్నా చివర్లో ఉన్నా ఒకేలా పనిచేస్తుంది. కానీ తాళం వేసిన స్క్రీన్ మీద మెసేజ్ మొదటి ముక్కే కనిపిస్తుంది. నాలుగు పొడుగాటి పేర్లు ముందు పెడితే ఆ ముక్కంతా పేర్లతోనే నిండిపోతుంది, విషయం కనపడదు. లేచినవాడు ఫోన్ తెరవకుండానే సంగతి తెలియాలంటే ఇలా రాయాలి:

```
కరెంటు పోయింది 2:10, 3వ గుంట. జెన్ ఆన్ చేసి ఇక్కడే చెప్పండన్నా @జెన్ మెకానిక్ @కాపలా 3వ గుంట
```

ఇందులో రెండు పేర్లు రంగు మారి ఉండాలి. 'ఇక్కడే చెప్పండన్నా' అనడం వెనక కారణం ఉంది. మెకానిక్ ఈ మెసేజ్‌నే పక్కకు జరిపి రిప్లై ఇస్తే, ఆ రిప్లై కూడా మ్యూట్ దాటి మీకు మోగుతుంది. విడిగా 'ఆన్ చేశా' అని రాస్తే, మీరూ గ్రూపును మ్యూట్‌లోనే పెట్టుకుని ఉంటారు కాబట్టి మీకు మోగదు. గుంట గట్టు మీద పనిచేసే కుర్రాళ్లందరికీ పక్కకు జరిపి రిప్లై ఇవ్వడం ఒక్కసారి చూపించండి. ఈ ఒక్క అలవాటుతో సగం ఫోన్ కాల్స్ తగ్గుతాయి.

పేరు పెట్టడం మరిచిపోయి పంపేశారనుకుందాం. మెసేజ్‌ను 15 నిమిషాల్లోపు మార్చుకునే వీలుంది గదా అని దాన్ని తెరిచి పేరు కలపకండి. మార్చిన మెసేజ్‌కు కొత్తగా నోటిఫికేషన్ వెళ్లదు. పేరు కనిపిస్తుంది గానీ ఫోన్ మోగదు. అన్నిటికన్నా మోసం చేసే తప్పు ఇదే, ఎందుకంటే చూడటానికి అంతా సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది. పేరు పెట్టి కొత్త మెసేజ్ పంపండి, పాతది తీసేయండి.

సరిగ్గా పిలిచినా పలకకపోతే? పంపిన మెసేజ్‌ను నొక్కిపట్టి సమాచారం తెరవండి. గ్రూపులో రెండు టిక్కులు పడాలంటే మెసేజ్ అందరికీ చేరాలి, కాబట్టి ఒక మనిషి సంగతి టిక్కులతో తేలదు. లోపల ఎవరికి చేరింది, ఎవరు చదివారు అని పేర్లవారీగా ఉంటుంది. మెకానిక్ పేరు చేరినవాళ్లలో లేకపోతే అతని ఫోన్‌లో డేటా లేదు, లేదా ఫోన్ ఆపి ఉంది. ఇక పిలుపుల వల్ల లాభం లేదు, నేరుగా మామూలు కాల్ చేయాలి. చేరింది గానీ చదవలేదంటే మెసేజ్ ఫోన్‌దాకా వచ్చింది, చప్పుడే మనిషిని లేపలేదు.

రెండో రకం ఎక్కువ. వాట్సాప్ మ్యూట్‌ను దాటడం వేరు, ఫోన్ మౌనాన్ని దాటడం వేరు. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా, రాత్రిపూట డిస్టర్బ్ చేయవద్దన్న మోడ్ తనంతట తానే మొదలయ్యేలా పెట్టి ఉన్నా @ పిలుపు చప్పుడు చేయదు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ ఆదా పేరుతో వాట్సాప్‌ను వెనక నిద్రపుచ్చుతారు. అప్పుడు తెల్లారి ఫోన్ తెరిచాక పిలుపులన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. అలా జరిగితే కారణం అదేనని అనుమానించాలి. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్స్, వాట్సాప్, బ్యాటరీ దగ్గరకు వెళ్లి `Unrestricted` అన్నది ఎంచుకోవాలి. వాట్సాప్ నోటిఫికేషన్లలో గ్రూపుల టోన్ ఖాళీగా పెట్టి ఉందేమో కూడా చూడండి. ఇన్ని సరిచేసినా అది ఒక్కసారి టింగుమనే చప్పుడే, కాల్‌లాగా మోగుతూ ఉండదు. గాఢనిద్రలో ఉన్నవాణ్ణి లేపడానికి దాన్ని నమ్ముకోకూడదు. మెలకువగా ఉన్న కాపలా కుర్రాడికి అది చాలు. మెకానిక్‌కు అయిదు నిమిషాల్లో సమాధానం రాకపోతే కాల్ చేయాల్సిందే.

ఇక అందరినీ ఒకేసారి పిలవడం. కొత్త వెర్షన్లలో @ కొట్టినప్పుడు జాబితాలో పేర్లతోపాటు అందరినీ కలిపి పిలిచే వరుస ఉంటే, దాన్ని తాకి ఎంచుకోవచ్చు. ఆ వరుస మీ ఫోన్‌లో కనిపించకపోతే `@all` అని అక్షరాలు కొట్టి పంపినా ఎవరికీ మోగదు. మన గ్రూపుల్లో రోజూ జరుగుతున్నది ఇదే. పంపినవాళ్లు అందరికీ చెప్పేశామనుకుంటారు, మ్యూట్‌లో ఉన్నవాళ్లకు పొద్దున దాకా తెలియదు.

ఆ వరుస ఉన్నా నా సలహా ఒక్కటే: తుపాను హెచ్చరికకో, ఫీడర్ మొత్తం ఆగినప్పుడో తప్ప దాన్ని తాకొద్దు. రేట్లకూ మేత ఆఫర్లకూ అందరినీ లేపితే మ్యూట్ పెట్టుకున్న ప్రయోజనమే పోతుంది. విసిగినవాళ్లు ఫోన్‌లో వాట్సాప్ నోటిఫికేషన్లే ఆపేస్తారు, ఆపైన నిజమైన పిలుపూ వాళ్లకు చేరదు. ఒక గుంటలో కరెంటు పోతే అవసరమయ్యేది ముగ్గురు నలుగురే. వాళ్లను పేరు పేరునా పిలవండి. పేరుతో పిలిచిన మనిషి అది తన పని అనుకుంటాడు, అందరినీ పిలిస్తే ఎవరో చూసుకుంటారులే అనుకుంటారు.

టెలిగ్రామ్ వాడే గ్రూపులకు ఒక సంగతి. అక్కడా పేరుతో పిలిస్తే మ్యూట్‌ను దాటుతుంది. అందరికీ చెప్పాలంటే అడ్మిన్ మెసేజ్‌ను పిన్ చేసి, అడిగినప్పుడు సభ్యులకు తెలియజేయమని ఎంచుకుంటే మ్యూట్‌లో ఉన్నవాళ్లకూ నోటిఫికేషన్ వెళ్తుంది. తుపాను సమాచారానికి ఇది చాలా బాగుంది, మెసేజ్ పైనే అంటుకుని కనిపిస్తూ ఉంటుంది కూడా.

వాట్సాప్‌లో మ్యూట్ బదులు `Notify for` కింద `Highlights` అని ఇంకో దారి ఉంది. దాన్ని పెడితే @ పిలుపులు, రిప్లైలు, మీరు నంబరు సేవ్ చేసుకున్నవాళ్ల మెసేజ్‌లు మాత్రమే మోగుతాయి. పట్నంలో అపార్ట్‌మెంట్ గ్రూపుకు ఇది సరిపోతుంది. ఊరి గ్రూపులో అందరి నంబర్లూ మన దగ్గర ఉంటాయి, కాబట్టి అన్నీ మోగుతూనే ఉంటాయి. సింగరాయకొండ, కొత్తపట్నం వైపు గుంటలవాళ్లదీ ఇదే పరిస్థితి. అలాంటి గ్రూపులకు మ్యూట్‌లో `Always` పెట్టుకోవడమే సరైనది.

పొద్దున లేచాక గ్రూపు పేరు పక్కన, చదవని మెసేజ్‌ల లెక్క దగ్గర @ గుర్తు ఉంటే రాత్రి ఎవరో మిమ్మల్ని పిలిచారని అర్థం. గ్రూపు తెరిచాక కింద మూలన, కిందకు దిగే బాణం దగ్గర కూడా @ గుర్తు కనిపిస్తుంది. దాన్ని తాకితే వందల మెసేజ్‌లు జరపకుండా సూటిగా ఆ పిలుపు దగ్గరకే వెళ్తారు. ముందు దానికి సమాధానం ఇచ్చి, ఆ తర్వాత రేట్లు చూసుకోవచ్చు.