కాపాక్ కర్వ్: మలుపు దగ్గర కొనాలా, సున్నా దాటాక కొనాలా?

నెలవారీ చార్టులో 14 నెలల మార్పు శాతాన్ని, 11 నెలల మార్పు శాతాన్ని కూడి, ఆ మొత్తానికి కొత్త నెలలకు ఎక్కువ బరువిచ్చే 10 నెలల వెయిటెడ్ సగటు తీస్తే వచ్చే గీత ఇది. ఎడ్విన్ కాపాక్ 1962లో చెప్పిన సంకేతం ఒకటే: సున్నా కింద ఉన్న గీత పైకి తిరగడం. చాలామంది మాత్రం సున్నా దాటేదాకా ఆగుతారు.

అమెరికా షేర్ల సూచీ ఎస్ అండ్ పీ 500 చూడండి. 2009 మే నెలాఖరున ఆ కూడిక సుమారు −59. అంతకుముందు 10 నెలల కూడికల మామూలు సగటు −66. ఈ నెల కూడిక ఆ సగటును మించితేనే గీత పైకి తిరుగుతుంది, కాబట్టి చేత్తోనే సరిచూసుకోవచ్చు. అలా గీత తిరిగినప్పుడు సూచీ 919. గీత సున్నా దాటింది 2010 జనవరి ఆఖర్లో, 1074 దగ్గర. అంటే ఆగినవాళ్లు దాదాపు 17 శాతం ఎక్కువ పెట్టి కొన్నారు.

మరి మలుపే మేలా? 2002 జనవరి ఆఖరుకి కూడా గీత పైకి తిరిగే ఉంది, సూచీ 1130. సెప్టెంబరు ఆఖరుకి 815కి పడిపోయింది. ఆ ఏడాది గీత సున్నాను తాకనేలేదు.

నేనైతే మలుపు దగ్గర సగం కొంటాను. మళ్లీ కిందికి తిరిగితే మిగతా సగం ఆపేస్తాను. నెల ముగియకముందే గీతను నమ్మి కొనను, ఆఖరి వారంలో కూడా అది మారిపోగలదు.