రెన్యూవల్ గుర్తుచేసే క్యాప్షన్: చాన్నాళ్లు వాడాక నా మాట

బండ్ల ఇన్సూరెన్స్ ఏజెంటుగా వాట్సాప్ స్టేటస్‌లో నేను పెట్టే క్యాప్షన్ ఇది, కంపెనీ రాతపూర్వకంగా ఓకే చేసినదే:

"మీ పాలసీ కాగితంలో ఓన్ డ్యామేజ్ గడువు తేదీ ఒకసారి చూసుకోండి. ఆ తేదీ దాటిన మరుక్షణం నుంచి మీ బండికి జరిగే నష్టానికి కవర్ ఉండదు. గడువు దాటిన 90 రోజుల్లోపు రెన్యూ చేయకపోతే నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. షరతులు వర్తిస్తాయి." కింద నా పేరు, లైసెన్స్ నంబరు, కంపెనీ పేరు.

ఇందులో బాగా పనిచేసింది "ఓన్ డ్యామేజ్" అన్న మాట. 2018 సెప్టెంబరు నుంచి థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఇచ్చే కవర్, కొత్త బైకులకు ఐదేళ్లకు, కార్లకు మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలి. ఓన్ డ్యామేజ్ మాత్రం చాలామందికి ఏడాదికే ఉంటుంది. ఒకే కాగితం మీద రెండు తేదీలన్నమాట. ఉత్తగా "పాలసీ గడువు" అని రాస్తే, "ఐదేళ్లది కట్టేశాం కదండీ" అంటారు. బండి పోయాక ఆ ఐదేళ్ల కాగితం పైసా ఇవ్వదు.

ఇబ్బంది పెట్టేది 90 రోజుల వాక్యం. దాన్ని గ్రేస్ టైమ్ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అది బోనస్‌కే గానీ కవర్‌కు కాదు. అందుకే కవర్ ఉండదన్న వాక్యం ముందుండాలి. వరస మారిస్తే, "ఇంకా రెండు నెలలుంది కదన్నా" అన్న ఫోన్లు మొదలవుతాయి. బోనస్ గురించి అడిగితే లెక్క చెప్తాను: ఓన్ డ్యామేజ్ ప్రీమియం 6,000 అనుకోండి, వరసగా మూడేళ్లు క్లెయిమ్ లేకపోతే 35 శాతం, అంటే 2,100 రూపాయలు తగ్గుతుంది. గడువు దాటి 91వ రోజున వస్తే మళ్లీ సున్నా నుంచే. కారైతే, 90 రోజుల్లోపు వచ్చినా, గడువు దాటాక ఇన్‌స్పెక్షన్ అడుగుతారు, అదో టెన్షన్.

"అందరికంటే తక్కువ ప్రీమియం", "క్లెయిమ్ గ్యారంటీ" లాంటివి కంపెనీ వాళ్లు ఎలాగూ కొట్టేస్తారు. "రెన్యూ చేస్తే హెల్మెట్ ఫ్రీ" అయితే ఇంకా ప్రమాదం. ఇన్సూరెన్స్ చట్టం 41వ సెక్షన్ ప్రకారం అది రిబేటు కిందికే వస్తుంది, జరిమానా 10 లక్షల దాకా. నా కమిషన్‌లోంచి ఇస్తున్నాననడం కూడా కుదరదు, సరిగ్గా దాన్నే ఆ సెక్షన్ వద్దంటుంది. పోలీసుల ఫైన్ గురించి రాయడం తప్పు కాదు. ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ అది థర్డ్ పార్టీ కూడా లేనివాళ్లకే. ఐదేళ్ల థర్డ్ పార్టీ నడుస్తున్నవాళ్లను దాంతో బెదిరిస్తే అది తప్పుడు ప్రకటనే.

లోటు ఒకటుంది. స్టేటస్ 24 గంటలకే పోతుంది, ఎవరి తేదీ ఎప్పుడో దానికి తెలియదు. కస్టమర్ బండి నంబరు, తేదీ అందరికీ కనిపించేలా పెట్టలేం. ఆ రెండూ వేసి, నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి విడిగా మెసేజ్ పంపుతున్నా. రెన్యూవల్స్ ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే.