చివర్లో చూసుకుందాం అంటే ఒప్పుకోకండి: సింక్ మార్పించి నేను నష్టపోయాను

ఇంటి పని కాంట్రాక్టుకిచ్చి, మధ్యలో "ఇది కూడా చేసేయండి" అంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి.

మా వంటగది పని సగంలో ఉండగా సింక్‌ను కిటికీ కిందికి మార్చమన్నాను. "దానిదేముంది మేడమ్, చేసేద్దాం. ఖర్చు చివర్లో చూసుకుందాం" అన్నారు కాంట్రాక్టర్. నేనూ సరేనన్నాను. చివరికి వంటగది 17 రోజులు ఆలస్యంగా చేతికొచ్చింది. బిల్లులో "అదనపు పనులు" అని ఒకే ఒక్క లైను. అది మొదట ఒప్పుకున్న మొత్తంలో ఎనిమిదో వంతు!

సింక్ జరపడం చిన్న పని కాదని నాకు తర్వాత అర్థమైంది. కిటికీ పాత చోటికి 3 మీటర్ల దూరం. నీళ్లు నిలవకుండా పోవాలంటే డ్రెయిన్ పైపుకి మీటరుకి 2 సెంటీమీటర్ల చొప్పున, మొత్తం 6 సెంటీమీటర్ల వాలు ఇవ్వాలి. అందుకోసం నేల పగలగొట్టారు, వాటర్‌ప్రూఫింగ్ మళ్లీ చేసి ఆరనిచ్చారు. పాత కొలతకి కోసిన గట్టు రాయి పనికిరాకుండా పోయింది. ఇవన్నీ నిజంగా జరిగిన పనులే, కాదనను. కానీ దేనికెంత పడిందో విడిగా లేకపోతే ఏం అడగగలం? పాత చోట చేయకుండా వదిలేసిన పైపు, టైల్స్ పని డబ్బు తగ్గించాలి కదా, అదీ తగ్గించలేదు.

ఆలస్యం సంగతి ఇంకా బాధ. రోజుకింత కోత అని అగ్రిమెంట్‌లో ఉంది. "మీరే పని పెంచారు, ఇక ఆ తేదీ ఎక్కడిది?" అన్నారు. కార్పెంటర్ రాని రోజులు కూడా సింక్ ఖాతాలోకే వెళ్లిపోయాయి. కాదని చూపించడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

అందుకే మార్పు అడిగిన రోజే ఇలా మెసేజ్ పెట్టండి:

"సింక్‌ను కిటికీ కిందికి మార్చాలి. పైపులు, నేల, వాటర్‌ప్రూఫింగ్, గట్టు రాయి: ఒక్కోదానికి ఎంత? పాత చోట తగ్గే పనికి ఎంత తీసేస్తారు? ఎన్ని రోజులు పెరుగుతాయి, అప్పగించే కొత్త తేదీ ఏది? వీటికి మీరు జవాబు రాసి పంపి, నేను 'ఒప్పుకున్నాను' అని బదులిచ్చాకే పని మొదలుపెట్టండి."

"కొన్ని రోజులు పడుతుంది" అంటే వదలకండి, తేదీ రాయించుకోండి. వాళ్లు జవాబుగా థంబ్స్ అప్ ఎమోజీ ఒక్కటి పెట్టి ఊరుకుంటే అది ఏ ధరకి సరేనన్నట్టో తేలదు. సైట్‌లో మేస్త్రీ అడిగినా "చేసేయండి" అనకండి, ధర ఒప్పుకునేది ఆయన కాదు.

తర్వాత బాల్కనీ పనిలో అటక అడిగినప్పుడు నేను ఇలాగే రాశాను. మర్నాడే ఖర్చు, అదనంగా 5 రోజులు అని జవాబొచ్చింది. చూసుకుని, అటక వద్దన్నాను. బాల్కనీ చెప్పిన తేదీకే పూర్తయింది.